సిగ్నల్ వర్డ్ కనిపిస్తే సరిపోదు, అది ఎంత దూరం పనిచేస్తుందో చూడాలి

కాంప్రహెన్షన్ మొదలుపెట్టగానే చాలామంది చేసే పని సిగ్నల్ వర్డ్స్ జాబితా రాసుకోవడం. హౌఎవర్, అన్‌లైక్, ఆన్ ది అదర్ హ్యాండ్ వస్తే కంపేర్-కాంట్రాస్ట్ అని, ప్రాబ్లమ్, రెమెడీ, టు అడ్రెస్ దిస్ లాంటివి కనిపిస్తే ప్రాబ్లమ్-సొల్యూషన్ అని, ఫస్ట్, దెన్, లేటర్, సంవత్సరాలు కనిపిస్తే క్రొనాలజీ అని. జాబితా మంచిదే, నేనూ రాసుకున్నాను. కానీ ప్యాసేజీలు తయారుచేసేవాళ్లకూ ఆ జాబితా తెలుసు. అందుకే ఒకే ప్యాసేజీలో మూడు రకాల పదాలూ కనిపిస్తాయి. అప్పుడు ఏ రకం పదాలు ఎక్కువున్నాయో లెక్కపెట్టి నిర్మాణం తేల్చేస్తే తప్పు ఆప్షన్ దగ్గర ఆగిపోతాం. నాకు పనికొచ్చిన పద్ధతి వేరు: ప్రతి సిగ్నల్ వర్డ్ దగ్గరా అది ఎంత మేరకు పనిచేస్తోందో చూడటం. కొన్ని పదాలు రెండు వాక్యాలను కలిపి ఆగిపోతాయి. కొన్ని ఒక పేరా మొత్తాన్ని నడిపిస్తాయి. ప్యాసేజీ మొదటి నుంచి చివరి వరకు నడిపించే సంబంధం ఏదో, దాని నిర్మాణం అదే.

ఒక ప్యాసేజీ తీసుకుని చూద్దాం. పరీక్షలో ఇది ఇంగ్లిష్‌లో రావచ్చు, కానీ నిర్మాణం భాషతో మారదు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

"పద్దెనిమిదో శతాబ్దంలో సుదీర్ఘ సముద్ర ప్రయాణాలు చేసే నావికులను స్కర్వీ వ్యాధి పెద్ద సంఖ్యలో బలి తీసుకునేది. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా ఆరు జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒక్కో రకం చికిత్స ఇచ్చాడు. మిగతా జట్లతో పోలిస్తే, నారింజలు, లెమన్లు తిన్న జట్టు చాలా త్వరగా కోలుకుంది. అయినా, 1795 వచ్చేదాకా బ్రిటిష్ నౌకాదళం నావికులకు లెమన్ రసం ఇవ్వాలని ఆదేశించలేదు. ఆ తర్వాత వ్యాధి బాగా తగ్గింది. 1860లలో లెమన్‌కు బదులు వెస్టిండీస్ లైమ్ వాడటం మొదలైంది. కానీ లైమ్ రసంలో విటమిన్ సి లెమన్ కంటే తక్కువ. ఫలితంగా 1875లో ఆర్కిటిక్‌కు బయల్దేరిన నౌకాదళ బృందంలో స్కర్వీ మళ్లీ విజృంభించింది."

ప్రశ్న: ఈ ప్యాసేజీ ప్రధానంగా ఏం చేస్తోంది? ఆప్షన్లు ఇలా ఉన్నాయనుకోండి. ఎ) బ్రిటిష్ నౌకాదళంలో వైద్యం ఎలా పెరిగిందో కాలక్రమంలో చెబుతోంది. బి) లెమన్‌నూ లైమ్‌నూ పోలుస్తోంది. సి) ఒక సమస్యకు పరిష్కారం దొరికిన తీరు, అది అమలు కావడంలో జరిగిన ఆలస్యం, ఆ తర్వాత అది బలహీనపడటం వివరిస్తోంది. డి) లిండ్ ప్రయోగంలోని లోపాలను ఎత్తిచూపుతోంది.

నాలుగు సంవత్సరాలు కనిపిస్తున్నాయి, "ఆ తర్వాత" కూడా ఉంది. లెక్కపెట్టేవాళ్లు 'ఎ' దగ్గరకు వెళ్తారు. "పోలిస్తే", "అయినా", "బదులు", "కానీ", "కంటే" చూసినవాళ్లకు 'బి' మీద మోజు పుడుతుంది. ఇప్పుడు ఒక్కో పదం ఎంత దూరం పనిచేస్తోందో చూద్దాం.

"మిగతా జట్లతో పోలిస్తే" అనే పోలిక ఆ వాక్యంతోనే అయిపోయింది, తర్వాత ఆ జట్ల ప్రస్తావనే లేదు. "కానీ లైమ్ రసంలో" దగ్గర పోలిక ఉంది, అయితే దాని పని ఆ తర్వాతి వాక్యానికి కారణం ఇవ్వడం వరకే. పోలికే ప్యాసేజీ ఉద్దేశమైతే లెమన్, లైమ్ మొదట్లోనే పక్కపక్కన కనిపించాలి, ఇంకో రెండు మూడు విషయాల్లోనైనా వాటిని పోల్చాలి. ఇక్కడ లైమ్ ప్రస్తావన వచ్చేసరికే ప్యాసేజీ చివరికి వచ్చేసింది. కాబట్టి 'బి' పోయింది.

సంవత్సరాల సంగతి తేల్చడానికి నేను ఒక చిన్న పరీక్ష చేస్తాను. వాటిని మనసులో చెరిపేసి మళ్లీ చదువుతాను. "ఒక వైద్యుడు ప్రయోగం చేశాడు, చాలా ఏళ్లపాటు దాన్ని పట్టించుకోలేదు, ఆ తర్వాత పాటించారు, మళ్లీ మార్చేశారు, వ్యాధి తిరిగొచ్చింది." అర్థం చెడలేదు. ఇప్పుడు సంవత్సరాలు ఉంచి మొదటి వాక్యాన్ని చెరిపేయండి. ఆ ప్రయోగం ఎందుకు చేశారో తెలియదు, లెమన్ రసం ఎందుకు ఇచ్చారో తెలియదు, చివర్లో "మళ్లీ" అన్న పదానికి అర్థమే ఉండదు. మొదటి వాక్యం తీసేస్తే మిగతాదంతా కూలిపోయింది, అంటే ప్యాసేజీని మోస్తున్నది ఆ వాక్యంలోని సమస్యే. సంవత్సరాలు చేస్తున్న పని ఆ సమస్య కథకు వరుస ఇవ్వడం మాత్రమే. 'ఎ'లో ఇంకో లోపం కూడా ఉంది. నౌకాదళ వైద్యం మొత్తం అంటోంది, ప్యాసేజీలో ఉన్నది ఒక్క వ్యాధి. 'డి'కి ఆధారం ఎక్కడా లేదు. జవాబు 'సి'.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే ఈ ప్యాసేజీలో "సమస్య" అనే పదం గానీ "పరిష్కారం" అనే పదం గానీ ఎక్కడా లేదు. ప్రాబ్లమ్-సొల్యూషన్ ప్యాసేజీలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. సమస్య ఏదో ఒక నష్టం రూపంలో వస్తుంది: బలి తీసుకునేది, తగ్గిపోతోంది, కొరత, ఆలస్యం. పరిష్కారం ఒక మనిషి చేసిన పని రూపంలో వస్తుంది: ప్రయోగించాడు, ఆదేశించింది, ప్రవేశపెట్టారు. కాబట్టి ఈ రకానికి సిగ్నల్‌ను క్రియల్లో వెతకాలి. పరిష్కారం చెప్పాక "అయినా", "కానీ" వస్తే దాన్ని కాంట్రాస్ట్ అనుకుని పక్కన పెట్టేయకండి. ఆ పరిష్కారానికి ఉన్న పరిమితి అక్కడే ఉంటుంది, "రచయిత అభిప్రాయంలో ఈ చర్య ఎందుకు సరిపోలేదు" లాంటి ప్రశ్న చాలావరకు అక్కడి నుంచే వస్తుంది.

ఇవే విషయాలతో కంపేర్-కాంట్రాస్ట్ ప్యాసేజీ రాస్తే ఎలా ఉంటుందో కూడా చూడండి. "లెమన్, లైమ్ రెండూ పుల్లటి పండ్లే, రెండింటి రసాన్నీ నౌకల్లో వాడారు. లెమన్ రసం స్కర్వీని అదుపులో ఉంచగా, లైమ్ రసం ఆ పని సరిగా చేయలేకపోయింది." ఇక్కడ మొదటి వాక్యంలోనే రెండు వస్తువులూ వచ్చాయి, పోలిక ఏ విషయంలోనో కూడా తెలిసిపోయింది. ఇలాంటి ప్యాసేజీ చదివేటప్పుడు రెండు పేర్లు రాసుకుని, మధ్యలో పోలిక జరుగుతున్న అంశం రాసుకుంటే చాలు. ఎందుకంటే తప్పు ఆప్షన్లు ఒకదాని లక్షణాన్ని రెండోదానికి అంటగట్టి తయారవుతాయి. రచయిత ముందు ఒకదాని గురించి పేరా మొత్తం చెప్పి, తర్వాతి పేరాలో రెండోదాన్ని ఎత్తుకుంటే ఇంకాస్త జాగ్రత్త కావాలి. అక్కడ సిగ్నల్ వర్డ్ ఒకటే ఉండొచ్చు, అదీ రెండో పేరా మొదట్లో. ఒక్కటే అయినా అది రెండు పేరాలనూ కలుపుతోంది కాబట్టి దాని బరువు ఎక్కువ.

అసలైన క్రొనాలజీ ప్యాసేజీలో తికమక వేరే చోట ఉంటుంది. చెప్పే వరుస, జరిగిన వరుస ఒకటి కాకపోవడం. మన స్కర్వీ ప్యాసేజీ 1875 ఆర్కిటిక్ ప్రయాణంతో మొదలై, "అంతకు 80 ఏళ్ల ముందే నౌకాదళం దీనికి విరుగుడు అమలు చేసింది" అని వెనక్కి వెళ్తే, ముందు చదివింది తర్వాత జరిగినట్టు అవుతుంది. ఇంగ్లిష్‌లో ప్రయర్ టు, బై ది టైమ్, హ్యాడ్‌తో వచ్చే క్రియలు ఈ వెనకడుగును చూపిస్తాయి. అవి కనిపించిన చోట పక్కన ఒక వెనక బాణం గీస్తే, ఏది ముందు జరిగింది అనే ప్రశ్నకు మళ్లీ ప్యాసేజీ అంతా చదవక్కర్లేదు. ఫస్ట్, సెకండ్ అని వచ్చినంత మాత్రాన క్రొనాలజీ అనుకోకండి. అవి మూడు కారణాలకు వేసిన నంబర్లు కూడా కావచ్చు. వాటి స్థానాలు మార్చి చదవండి. అర్థం చెడకపోతే అది జాబితా, చెడితే కాలక్రమం.

ఇంగ్లిష్ ప్యాసేజీల్లో రెండు పనులు చేసే పదాలు కొన్ని ఉన్నాయి, అవి విడిగా సాధన చేయాలి. సిన్స్ తర్వాత సంవత్సరం గానీ సంఘటన గానీ ఉండి, ప్రధాన వాక్యంలో హ్యాజ్ లేదా హ్యావ్ ఉంటే అది చాలావరకు కాలం. లేకపోతే "కాబట్టి" అనే కారణం. వైల్‌ను తీసేసి వేరాజ్ పెట్టి చదవండి. వాక్యం నిలబడితే అది కాంట్రాస్ట్, నిలబడకపోతే "ఆ సమయంలో" అని. యెట్ వాక్యం మొదట్లో ఉంటే "అయినా", నాట్‌తో కలిసి వస్తే "ఇంకా". ఈ మూడూ బాగా తెలిసినవాళ్లకు, పేజీ నిండా జాబితా బట్టీ పట్టినవాళ్ల కంటే తక్కువ తప్పులు వస్తాయని నా నమ్మకం.

సాధన చేసేటప్పుడు ప్రశ్నల జోలికి వెళ్లకముందే ప్యాసేజీ నిర్మాణాన్ని ఒక్క వాక్యంలో రాయండి. పై ప్యాసేజీకి నేను రాసింది: "వ్యాధి, మందు దొరికింది, అమలు ఆలస్యం, మందు మార్చారు, వ్యాధి తిరిగొచ్చింది." ఈ వాక్యం రాయలేకపోతే ఏదో ఒక సిగ్నల్ వర్డ్ పరిధిని తప్పుగా అనుకున్నామని అర్థం, అప్పుడు పేరాల మొదటి వాక్యాలు మాత్రం మళ్లీ చూడాలి. పరీక్షలో రాసే టైమ్ ఉండదు కాబట్టి మనసులో అనుకుంటే చాలు.

దీనికి పరిమితులూ ఉన్నాయి. పదాల అర్థం అడిగే ప్రశ్నల్లో నిర్మాణం కొద్దిగానే సాయపడుతుంది. ఏ సంవత్సరంలో, ఎంతమంది అనే ప్రశ్నలకు వెనక్కి వెళ్లి ఆ వాక్యం చూడాల్సిందే, కాకపోతే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. నిర్మాణం బాగా పనికొచ్చేది ప్రధాన ఉద్దేశం, ఒక పేరా ఎందుకు ఉంది, తర్వాత ఏ వాక్యం రావాలి అనే మూడు రకాల ప్రశ్నల్లో. సాధనలో వీటిని విడిగా గుర్తు పెట్టుకుని, వాటిలో తప్పు పోయినప్పుడు మాత్రం జవాబు కీ చూసి వదిలేయకుండా, ఏ పదం ఎంత దూరం పనిచేస్తుందనుకున్నారో ఆ పదం కింద గీత గీయండి.