రిజర్వ్ బ్యాంకు ఫ్యాన్ చార్టును చదవడం నేర్చుకున్నాను: నా అనుభవం

మాకు రెపో రేటుతో, అంటే రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీతో ముడిపడిన ఇంటి లోన్ ఉంది. వడ్డీ ఎటు పోతుందో తెలుసుకోవాలని 2022 నుంచి రిజర్వ్ బ్యాంకు ద్రవ్య విధాన ప్రకటనలు చదవడం మొదలుపెట్టాను. వాటిలో ధరల పెరుగుదల మీద ఒక బొమ్మ ఉంటుంది. ఎడమవైపు ఒకే గీత, కుడివైపుకి వెళ్లేకొద్దీ విసనకర్రలా విచ్చుకునే రంగు పట్టీలు. దీన్నే ఫ్యాన్ చార్ట్ అంటారు. పేపర్లో మాత్రం మర్నాడు ఒక్క అంకె వస్తుంది, 'ద్రవ్యోల్బణం 5.7 శాతం' అని. ఆ పట్టీల్లో ఉన్నదంతా పాఠకుడికి చేరకుండానే పోతుంది. అదేంటో తెలుసుకోవాలని కూర్చున్నాను. స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా రిటైరైన మా బాబాయి దగ్గరుండి చూపించాడు.

ముందు ఆయన అడిగింది ఒకటే. "అమ్మాయ్, జరిగిపోయింది ఎక్కడ ఆగింది, అంచనా ఎక్కడ మొదలైంది?" గీత ఒంటరిగా ఉన్నంతవరకూ అవి వచ్చేసిన లెక్కలు. పట్టీలు పుట్టే చోటు నుంచీ అంచనా. ఆ తర్వాత బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉన్న గమనిక చదివించాడు. రిజర్వ్ బ్యాంకు బొమ్మలో మూడు అంతరాలుంటాయి: 50 శాతం, 70 శాతం, 90 శాతం. మధ్యలో ముదురు రంగున్న భాగం 50 శాతానిది. అంటే అసలు అంకె ఆ ముదురు భాగంలో పడే అవకాశం సగమే. మిగతా సగం సార్లు దాని బయటే పడుతుందని బ్యాంకే చెబుతోంది. అన్ని రంగులూ కలిపినా 90 శాతమే. పదిసార్లలో ఒకసారి అసలు అంకె రంగే లేని తెల్ల కాగితం మీద పడవచ్చు. బొమ్మ చూసే కళ్లకి ఆ తెల్లచోటు 'జరగనిది' అనిపిస్తుంది. కానీ దానికీ వాటా ఉంది.

అసలు కిటుకు పట్టీల అంచుల్లో ఉంది. గుండ్రటి అంకెలతో ఒక లెక్క వేసి చూపిస్తాను. ఏడాది తర్వాతి త్రైమాసికానికి మధ్య అంచనా 5 శాతం, ముదురు పట్టీ 4 నుంచి 6 దాకా ఉందనుకుందాం. పైకీ కిందికీ వెడల్పు సమానం కాబట్టి, పట్టీ బయట ఉన్న 50 శాతం అవకాశం సగం పైకి, సగం కిందికి పోతుంది. అంటే ద్రవ్యోల్బణం 6 దాటే అవకాశం నూటికి 25. అదే పద్ధతిలో 70 శాతం పట్టీ పై అంచు దాటే అవకాశం నూటికి 15, 90 శాతం పట్టీ పై అంచు దాటే అవకాశం నూటికి 5. ఇది అర్థమయ్యాక మధ్య గీతను వెతకడం మానేశాను. నాకు కావలసిన అంకె దగ్గర స్కేలు అడ్డంగా పెట్టి, అది ఏ అంచును ఎక్కడ తాకుతోందో చూస్తాను. మన దేశంలో ఆ అంకె 6. ద్రవ్యోల్బణం లక్ష్యం 4 శాతం, దానికి అటూ ఇటూ 2 శాతం సడలింపు. కాబట్టి 6 దాటితే రిజర్వ్ బ్యాంకు మీద ఒత్తిడి పెరుగుతుంది.

పట్టీల మధ్య పడిన అంకెని కూడా కంటితోనే అందాజుగా చెప్పవచ్చు. అంకెలు మధ్యలో ఎక్కువగా, రెండు చివరలకీ పోయేకొద్దీ తక్కువగా పడే గంట ఆకారపు లెక్కలో 50 శాతం పట్టీ సగం వెడల్పు 1 అయితే 70 శాతానిది సుమారు 1.54, 90 శాతానిది సుమారు 2.44 వస్తుంది. మన ఉదాహరణలో పై అంచులు 6, 6.5, 7.4 అన్నమాట. మరి 7 దాటే అవకాశమెంత? 6.5 దగ్గర నూటికి 15, 7.4 దగ్గర నూటికి 5. కాబట్టి 7 దగ్గర నూటికి 9 చుట్టూ ఉంటుంది. ఇదంతా పై సగం, కింది సగం సమానంగా ఉన్నప్పటి మాట. అందుకే ముందు స్కేలుతో మధ్య గీత నుంచి రెండువైపులా కొలిచి చూసుకోవాలి. పైభాగం వెడల్పుగా ఉందంటే ధరలు పెరిగే వైపే ఎక్కువ భయం ఉందని అంచనా వేసినవాళ్లే చెబుతున్నట్టు. అలాంటి బొమ్మ మీద ఈ 25, 15, 5 లెక్క నేరుగా నడవదు.

ఇక నిజం లెక్క. నేను ఎక్కువసేపు కూర్చున్నది 2022 ఏప్రిల్ 8 నాటి ప్రకటన మీద. అందులో 2022-23 నాలుగు త్రైమాసికాలకూ మధ్య అంచనాలు వరసగా 6.3, 5.8, 5.4, 5.1. ఏడాదికి 5.7. తర్వాత వచ్చిన నెలవారీ లెక్కల్ని త్రైమాసికాలుగా సగటు చేసి ఆ బొమ్మ మీదే పెన్సిలుతో చుక్కలు పెట్టాను. 7.3, 7.0, 6.1, 6.2. అంటే తేడాలు 1.0, 1.2, 0.7, 1.1. నాలుగూ పైకే.

ఈ నాలుగు చుక్కల్ని చూస్తూ ఉంటే ఫ్యాన్ ఎందుకు విచ్చుకుంటుందో బాగా తెలిసింది. మొదటి త్రైమాసికంలో తేడా 1.0, చివరి త్రైమాసికంలో 1.1. తప్పిన దూరం దాదాపు ఒకటే, కానీ రెండింటి అర్థం ఒకటి కాదు. మొదటి చోట పట్టీ సన్నం. అప్పటికి కూరగాయల ధరలు, నూనె ధరలు చాలావరకు కళ్లముందున్నాయి కాబట్టి అంత దగ్గర్లో ఒక శాతం తప్పడం పెద్ద విషయం. చివరి చోట పట్టీ వెడల్పు. ఏడాది ముందు చెప్పిన మాట ఒక శాతం తప్పడం మామూలే. పట్టీల వెడల్పుకి ముఖ్యమైన ఆధారం గతంలో అంచనాలు ఎంత తప్పాయన్నది. మూడు నెలల ముందు చెప్పినవాటి కంటే ఏడాది ముందు చెప్పినవి ఎక్కువ తప్పుతాయి కాబట్టి కుడివైపు వెడల్పు. తప్పిన దూరాన్ని అక్కడి పట్టీ వెడల్పుతో పోల్చి చూడాలి తప్ప విడిగా చూస్తే ఏమీ తేలదు.

రెండో సంగతి బాబాయి చెప్పాడు. "నాలుగు చుక్కలూ పైకి పోయాయని నాలుగు తప్పులుగా లెక్కెయ్యకు. అవన్నీ ఒకే కారణం పిల్లలు." నిజమే. ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. ముడిచమురుతో పాటు మన వంటింట్లో వాడే సన్‌ఫ్లవర్ నూనె ధరా ఎగిసింది. మార్చి ఎండలకి ఉత్తరాదిన గోధుమ పంట దెబ్బతింది. ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపింది. ఇలాంటి దెబ్బ ఒక త్రైమాసికంతో పోదు, పక్కదాన్నీ పైకి లాగుతుంది. అందుకే ఒకటి పైకి పోతే రెండోదీ పైకి పోయే అవకాశం ఎక్కువ. బొమ్మలో పట్టీలు ఏ త్రైమాసికానికి ఆ త్రైమాసికానివే. ఒక్కో నిలువు కోతలో 90 శాతం అవకాశం ఉంది గానీ, దారి మొత్తం నాలుగు త్రైమాసికాలూ పట్టీల్లోనే నడుస్తుందని దానర్థం కాదు. ఆ అవకాశం 90 కంటే తక్కువే. ఎంత తక్కువో బొమ్మ చెప్పదు.

ఇంకాస్త వెనక్కి వెళ్లి ఫిబ్రవరి 10 నాటి ప్రకటన తీశాను. అక్కడ అదే ఏప్రిల్-జూన్ త్రైమాసికానికి అంచనా 4.9. రెండు నెలలు తిరగకుండానే 6.3 అయింది. అసలు వచ్చింది 7.3. మధ్య గీతే ఫ్యాన్‌తో సహా లేచి పైకి జరిగిందన్నమాట. ఇక్కడే నాకు ఊహల పట్టిక విలువ తెలిసింది. ప్రతి ఫ్యాన్ వెనకా కొన్ని ఊహలుంటాయి. ఏప్రిల్ 2022 అంచనాకి ముడిచమురు పీపా సగటున 100 డాలర్లు, వానలు మామూలు అని రాసుకున్నారు. ఆ పునాది కదిలితే అంచుల మీద మనం వేసుకున్న 25, 15, 5 లెక్కలన్నీ పాతబడతాయి. అందుకే ఇప్పుడు బొమ్మ కంటే ముందు ఊహలు చదువుతాను. ఆ రోజు పేపర్లో చమురు ధర వాటికి ఎంత దూరంలో ఉందో చూసుకుని, అప్పుడు స్కేలు తీస్తాను.

మరి నా లోన్ సంగతి? ఈ ఫ్యాన్ ధరలది, రెపో రేటుది కాదు. రెపో ఎటు పోతుందో రిజర్వ్ బ్యాంకు ఇలా గీసి ఇవ్వదు. ద్రవ్యోల్బణం 6 దాటే అవకాశం ఎంతుందో చూసి, దాటితే వడ్డీ పెంచుతారని మనమే ఊహించుకోవాలి. వరసగా మూడు త్రైమాసికాలు సగటు 6 దాటితే కారణాలు చెబుతూ రిజర్వ్ బ్యాంకు ప్రభుత్వానికి నివేదిక ఇవ్వాలని చట్టం. 2022లో అదే జరిగింది, నవంబర్‌లో వడ్డీ రేట్లు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ అందుకోసమే ప్రత్యేకంగా సమావేశమైంది. ఈలోపు మే 4న షెడ్యూల్లో లేని రోజున రెపో 4 నుంచి 4.40 అయింది, 2023 ఫిబ్రవరికి 6.50కి చేరింది. 30 లక్షల అప్పు, 20 ఏళ్ల గడువు, వడ్డీ 6.75 నుంచి 9.25కి వెళ్తే గడువు మార్చకుండా నెల కిస్తీ సుమారు 22,800 నుంచి 27,500 అవుతుంది. నేను ఇంటి బడ్జెట్ వేసేటప్పుడు మధ్య గీతని వదిలేసి, 70 శాతం పట్టీ పై అంచు నిజమైతే కిస్తీ ఎంతవుతుందో వేసుకుంటాను. ఎందుకు 70 అంటే, నూటికి 15 సార్లు చేతులెత్తేసే పరిస్థితి వస్తే సర్దుకోగలం. ఉద్యోగం ఒక్కరిదే అయిన ఇంట్లో 90 శాతం అంచు చూసుకోవాలి.

ఇలాంటి బొమ్మను 1996లో వాడకంలోకి తెచ్చింది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్. 2024లో ఆ బ్యాంకు అంచనాలను సమీక్షించిన అమెరికా ఫెడరల్ రిజర్వ్ మాజీ అధ్యక్షుడు బెన్ బెర్నాంకీ ఫ్యాన్ చార్టులు మానేసి, 'చమురు ఇంత పెరిగితే ఏమవుతుంది' లాంటి సన్నివేశాల మీద దృష్టి పెట్టమన్నారు. సన్నివేశాలు కావాలని నేనూ ఒప్పుకుంటాను. 2022లో ఏం జరిగిందో చెప్పడానికి అవే పనికొస్తాయి. కానీ పట్టీలు తీసేస్తే అంచనా వేసినవాళ్లను నిలదీసే దారి పోతుంది. నేను చేస్తున్నది ఇదే: ప్రతి ఏటా ఏప్రిల్ బొమ్మ ఒకటే తీసి, ఏడాది తర్వాతి త్రైమాసికం దగ్గర అసలు అంకె ఏ రంగులో పడిందో ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఏడాదికి ఒకటే ఎందుకంటే పక్కపక్క త్రైమాసికాలు ఒకదాన్నొకటి లాగుతాయి. పట్టీలు సరైనవైతే దాదాపు సగం ముదురు రంగులో పడాలి. అన్నీ అందులోనే పడుతుంటే పట్టీలు మరీ వెడల్పు. ఎక్కువగా బయటే పడుతుంటే మరీ సన్నం. బయటపడినవన్నీ ఒకే వైపుంటే వెడల్పు సంగతి పక్కనపెట్టి మధ్య గీతనే అనుమానించాలి.