టెస్టర్‌గా నా లింక్డ్‌ఇన్ హెడ్‌లైన్ మార్చుకున్న అనుభవం

లింక్డ్‌ఇన్‌లో మనం ఏమీ రాయకపోతే హెడ్‌లైన్ దానంతటదే తయారైపోతుంది, ఉద్యోగం పేరు, కంపెనీ పేరు, అంతే. నాది సీనియర్ టెస్ట్ ఇంజినీర్ అని ఉండేది. బరంపురంలో ఇంట్లోంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తున్నా, యూపీఐ పేమెంట్స్ టీంలో టెస్టింగ్. కొంచెం మంచి రోల్‌కి మారదామని చూస్తుంటే వచ్చే కాల్స్ ఏమో ట్రాన్స్‌ఫార్మర్ టెస్టింగ్‌కి, బండ్ల పార్టుల టెస్టింగ్‌కి, లేదంటే మూణ్ణెల్ల మాన్యువల్ టెస్టింగ్ కాంట్రాక్టుకి.

వైజాగ్‌లో రిక్రూటర్‌గా చేస్తున్న మా పెద్దమ్మ కూతుర్ని అడిగా. "ఒరే, టెస్ట్ ఇంజినీర్ అని కొడితే మిషన్లు టెస్ట్ చేసేవాళ్ళందరూ వచ్చేస్తార్రా, మేం ఆ పేరుతో వెతకం" అని తను వెతికే లైన్ పంపింది:

```
("SDET" OR "QA Automation") AND "API" AND "payments"
```

నా హెడ్‌లైన్‌లో ఇందులో ఒక్క మాట కూడా లేదు. పైగా వెతికినప్పుడు వచ్చే లిస్టులో ముందుగా ఫోటో, పేరు, హెడ్‌లైన్, ఊరే కనబడతాయి, ఫోన్లో అయితే హెడ్‌లైన్ చివర కోసేస్తుంది కూడా. 220 అక్షరాలు రాయనిస్తారు గానీ మొదటి నాలుగైదు మాటలే అసలు పని చేస్తాయన్నమాట.

సరే అని సెలీనియం, జావా, టెస్ట్‌ఎన్‌జీ, పోస్ట్‌మ్యాన్, జిరా అన్నీ వరసగా పెట్టి పంపా. "ఇవన్నీ లిస్టులో నీ పైనున్నోడికీ కిందున్నోడికీ ఉన్నాయి తమ్ముడూ, నువ్వు ఆపిన బగ్గులేంటో చెప్పు" అంది అక్క. నాకు అసలు దారి చూపించింది ఈ ప్రశ్నే. జిరాలో నేను వేసిన పాత బగ్గులన్నీ తిరగేశా, సివియారిటీ ఎక్కువ ఉన్నవి మాత్రమే. చూస్తే చాలావరకు ఒకటే జాతి. డబ్బు కట్ అయింది, అవతలికి చేరలేదు, రిఫండ్ ఆగిపోయింది. లేదా బ్యాంకు నుంచి ఒకే కాల్‌బ్యాక్ రెండుసార్లు వస్తే మన సిస్టమ్ దాన్ని రెండు పేమెంట్లుగా రాసేసుకుంది. ఇవి బటన్ రంగు లాంటి బగ్గులు కావు. ఆర్‌బీఐ 2019 రూల్ ప్రకారం యూపీఐలో పంపిన డబ్బు అవతలి అకౌంట్లో పడకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి, ఆలస్యమైతే కస్టమర్‌కి రోజుకి 100 రూపాయలు ఇవ్వాలి. అంటే నేను పట్టుకున్నది నేరుగా డబ్బు నష్టం, అది నా ప్రొఫైల్లో ఎక్కడా లేదు.

చివరికి పెట్టింది ఇది:

```
QA Automation Engineer, UPI & Payments | API tests in REST Assured, Java | Double debits, late refunds, duplicate callbacks caught before release
```

145 అక్షరాలే అయింది, మిగతాది నింపలేదు. చివర కోసేసినా రోల్, డొమైన్ రెండూ ముందే ఉన్నాయి కాబట్టి పర్లేదు. ఎస్‌డెట్ అని పెడితే సెర్చ్‌లో ఇంకా పైకి వస్తానేమో గానీ పెట్టలేదు, ఎందుకంటే నేను ఉన్న ఫ్రేమ్‌వర్క్‌లో టెస్టులు రాస్తాను, ఫ్రేమ్‌వర్క్ మొదట్నుంచి కట్టలేదు, ఆ పేరు చూసి పిలిచినవాళ్ళు మొదటి రౌండ్లోనే కోడింగ్‌తో పాటు అదే అడుగుతారు. రిగ్రెషన్ టైమ్ ఇంత శాతం తగ్గించా అని కూడా రాయలేదు, ఎలా కొలిచావు అంటే చూపించడానికి పాత రిపోర్టులు నా దగ్గర లేవు. క్లయింట్ బ్యాంకు పేరైతే అసలే వద్దు, కంపెనీతో సంతకం పెట్టిన అగ్రిమెంట్ ఉంది.

ఉద్యోగం కోసం చూస్తున్నా అని హెడ్‌లైన్లో రాసేవాళ్ళకి ఒక మాట, అది మీ మేనేజర్‌కి కూడా కనబడుతుంది, పైగా అక్షరాలు దండగ. ఓపెన్ టు వర్క్ సెట్టింగ్‌లో రిక్రూటర్లకి మాత్రమే కనబడేలా పెట్టుకునే వీలుంది, అదీ నూటికి నూరుపాళ్ళు గుట్టుగా ఉంటుందని లింక్డ్‌ఇన్ హామీ ఇవ్వదు.

మార్చాక ఎవరి పోస్టు కిందైనా ఒక కామెంట్ పెట్టి ఫోన్లో చూస్కోండి, పేరు కింద హెడ్‌లైన్ ఎక్కడ తెగుతోందో తెలిసిపోతుంది. నాది మొదట్లో టూల్స్ ముందుండి డొమైన్ తెగిపోయేది, అలాగే చూసి అటూ ఇటూ మార్చా.

ట్రాన్స్‌ఫార్మర్ కాల్స్ ఆగిపోయాయి. మొత్తం మెసేజ్‌లు తగ్గాయి కూడా, నిజమే, కానీ వచ్చేవాళ్ళు ఫిన్‌టెక్ వాళ్ళు, మొన్న ఒకావిడ మొదటి ప్రశ్నే డూప్లికేట్ కాల్‌బ్యాక్‌ని ఎలా టెస్ట్ చేస్తారని అడిగింది, ఒకే ట్రాన్సాక్షన్ ఐడీతో రెండుసార్లు పంపి లెడ్జర్‌లో ఒక్క ఎంట్రీనే పడిందో లేదో చూస్తానని చెప్పా, అక్కణ్ణుంచి అరగంట మాట్లాడుకున్నాం. ఊరు మాత్రం హెడ్‌లైన్‌తో తేలేది కాదు. హైదరాబాద్ అని ఫిల్టర్ పెడితే బరంపురం ప్రొఫైల్ లిస్టులోకే రాదు, అందుకే ఓపెన్ టు వర్క్‌లో లొకేషన్ల దగ్గర హైదరాబాద్, భువనేశ్వర్, రిమోట్ మూడూ విడిగా పెట్టా.