39 గ్రాముల దగ్గర మొండికేసిన టమాటా

మూడో ఏడాది ప్రాజెక్టుగా మా ముగ్గురికి సోలార్ డ్రయ్యర్ ఇచ్చారు. ప్లైవుడ్ పెట్టె, అద్దం కింద నల్ల రంగు పూసిన అల్యూమినియం రేకు, పైన చిమ్నీలో పాత కంప్యూటర్ ఫ్యాను, దాన్ని తిప్పడానికి చిన్న ప్యానెల్. కట్టడం వారంలో అయిపోయింది. ఏడిపించింది మాత్రం గాలీ, తూకమూ.

టమాటాలు 5 మిల్లీమీటర్ల చక్రాలుగా కోసి, 500 గ్రాములు జల్లెడ ట్రేలో పరిచాం. గాలి ఎంత ఆడితే అంత త్వరగా ఎండుతాయనుకుని కింది తలుపు బార్లా తెరిచాం. బయట 36 డిగ్రీలుంటే ట్రే దగ్గర 43 దాటలేదు. రేకు మీద వేడెక్కే తీరికే లేదు గాలికి! మర్నాడు కొత్త ముక్కలు పెట్టి, తలుపు దాదాపు మూసేశాం. 66కి పోయింది. అద్దానికి లోపల నీటి బొట్లు పట్టాయి. ముక్కల పైభాగం తోలులా బిగుసుకుంది, గోటితో నొక్కితే లోపలంతా జావ.

మూడోసారికి దారి దొరికింది. ముక్కల పైన తడి మెరుస్తున్నంతసేపూ తలుపు సగం తెరిచి ఉంచాం. మెరుపు పోయాక నీళ్లు లోపలి నుంచి పైకి రావాలి, అక్కడ గాలి తొందరపెట్టినా లాభం లేదు. కాబట్టి తలుపు తగ్గించి 55 డిగ్రీల దగ్గర నిలబెట్టాం.

తూకానికి ట్రే బయటికి తీస్తే పెట్టె చల్లారిపోతోందని, తీగ కట్టి పైనున్న కొక్కెం త్రాసుకి వేలాడదీశాం. మధ్యాహ్నం మబ్బు పట్టగానే బరువు 12 గ్రాములు పెరిగింది! ఎండుతున్న టమాటా బరువెక్కుతుందా? అరగంట జుట్టు పీక్కున్నాక వెలిగింది. మబ్బుకి ఫ్యాను నెమ్మదించింది, అప్పటిదాకా కింది నుంచి వచ్చే గాలి ట్రేని కాస్త పైకి ఎత్తుతూ ఉంది. అంటే మబ్బు రాకముందు రాసిన అంకెలే తప్పు. ఆ తర్వాత పావు నిమిషం ఫ్యాను ఆపి, ఊగడం తగ్గాకే రాసుకున్నాం.

రాత్రికి ముక్కల్ని గాలి చొరబడని డబ్బాలో పెట్టి, పొద్దున మళ్లీ పరిచాం. టమాటాలో 94 శాతం నీళ్లని పుస్తకంలో చూసి, 500 గ్రాములకి పొడి పదార్థం 30 గ్రాములని లెక్కేశాం. 10 శాతం తేమకి రావాలంటే 30ని 0.9తో భాగించాలి, అంటే సుమారు 33 గ్రాములు. తూకం 39 దగ్గర ఆగింది. గంట చూశాం, రెండు గంటలు చూశాం. కదల్లేదు.

సార్ వచ్చి నోటుబుక్కు తిరగేశారు. "ఈ 94 మీ టమాటాని అడిగారా?"

అడగలేదు. అదే బుట్టలో మిగిలిన కాయ కోసి, 20 గ్రాములు 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత వరకు ఉంచితే 1.4 గ్రాములు మిగిలింది. అంటే పొడి పదార్థం 7 శాతం, 500కి 35 గ్రాములు. అప్పుడు 39లో నీళ్లు 4 గ్రాములే, పదిశాతం చిల్లర. మేం చూస్తూ కూర్చున్న టమాటా రెండు గంటల కిందటే ఎండిపోయింది. ఊరికే ఎండలో ఉంచినందుకు సగం ముక్కలు ఇటుక రంగుకి తిరిగాయి.



తర్వాతి బ్యాచ్ నుంచి ట్రే పరిచే ముందే నాలుగు చక్రాలు ఓవెన్‌కి పక్కన పెడుతున్నాం.