గోడ మూయకముందే ప్రెషర్ టెస్ట్ చేయించండి: మహబూబ్‌నగర్‌లో మా ఇంటి అనుభవం

మా కొత్తింటి ప్లంబింగ్ లైను నిన్న టెస్ట్‌లో నిలబడింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

పైపులు కొనడం, గోడలకు గాడి కొట్టడం ఇబ్బంది లేకుండా అయిపోయాయి. చన్నీళ్లకూ వేణ్నీళ్లకూ సీపీవీసీ పైపులే వేయించాను. గొడవంతా, లైనులో నీళ్లను ఒత్తిడితో నింపి ఎక్కడైనా కారుతుందేమో చూసే టెస్ట్ మాట ఎత్తాకే మొదలైంది.

"టెస్టింగ్ ఎందుకు మేడం, ట్యాంకు నీళ్లు ఇడిస్తే అదే తెలుస్తది. మీకు అర్థం కాదు, సార్‌ను పంపండి" అన్నాడు కాంట్రాక్టర్, కూలీలందరి ముందు. మావారు ఉద్యోగం మీద వేరే ఊళ్లో ఉంటారు. దగ్గరుండి కట్టిస్తున్నది నేను, డబ్బు లెక్కపెట్టి ఇస్తున్నదీ నేను. ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది.

లెక్క చాలా చిన్నది. పది మీటర్ల ఎత్తు నీటికి సుమారు ఒక కేజీ ప్రెషర్, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ ఒత్తిడి వస్తుంది. మా ట్యాంకు కింది బాత్రూమ్‌కు ఆరేడు మీటర్ల పైన ఉంది. అంటే ముప్పావు కేజీ కూడా రాదు. సగం అతికిన జాయింటు కూడా అంత ప్రెషర్‌కు ఆగుతుంది. రేపు ప్రెషర్ పంపు పెట్టి, గీజర్ వేడినీళ్లు పంపినప్పుడు కారితే టైల్స్ పగలగొట్టాలి. అందుకే చేతిపంపుతో 10 కేజీలు ఎక్కించి కనీసం గంట చూడాలన్నాను. అయితే కంప్రెసర్‌తో గాలి కొడతానన్నాడు. దానికి అస్సలు ఒప్పుకోకండి. ఒత్తిడి పట్టిన గాలి పైపు పగిలితే ముక్కల్ని మనుషుల మీదికి విసురుతుంది. టెస్ట్ నీళ్లతోనే చేయాలి.

చివరికి పంపు తెచ్చాడు. గీజర్, కుళాయిలు ఇంకా బిగించలేదు. పాయింట్లన్నిటికీ టెఫ్లాన్ టేపు చుట్టి ప్లగ్గులు వేశారు. మిక్సర్ దగ్గర వేడి లైనునూ చల్లని లైనునూ ఒక హోస్‌తో కలిపారు. అన్నిటికంటే పై పాయింటు తెరిచి, గాలి పోయేదాకా నెమ్మదిగా నీళ్లు నింపారు.

పంపుకున్న ప్రెషర్ మీటరు ముల్లు 10 దాకా వెళ్లి కొంచెం దిగింది. ప్లాస్టిక్ పైపు మొదట కాస్త సాగుతుంది కాబట్టి అది మామూలే, మళ్లీ పంపు కొట్టించాను. కానీ అరగంటలో 7కి పడిపోయింది. ఎక్కడా చుక్క తడి లేదు. "మీటరే ఖరాబైంది" అని ఆయన నవ్వాడు, కూలీలూ నవ్వారు. నాకూ ఏమీ తోచలేదు.

కాసేపటికి హోస్ తీయించి రెండు లైన్లూ విడివిడిగా పెట్టించాను. చల్లని లైనులో ముల్లు కదల్లేదు. అంటే మీటరు బాగానే ఉంది. వేడి లైనులో దిగింది. ఆ లైనులో ప్రతి జాయింటునూ తుడిచి, టిష్యూ పేపర్ చుట్టాను. గీజర్ పాయింటు కింద, పైపు మలుపులో వేసిన ఎల్బో దగ్గర కాగితం తడిసింది.

పైపు జాయింట్లకు వాడే సొల్యూషన్‌నే పైన పూసి సరిచేస్తానన్నాడు. ఒప్పుకోలేదు, కోయించాను. పైపు ఎల్బోలో సగం వరకే వెళ్లింది, సొల్యూషన్ అక్కడక్కడా ఎండిపోయి ఉంది. ఏప్రిల్ ఎండలో, పడమటి గోడ దగ్గర, నాలుగైదు ముక్కలకు ఒకేసారి పూసి తర్వాత తీరిగ్గా బిగించినందుకు వచ్చిన ఫలితం అది. సొల్యూషన్ జిగురులా అతికించదు, రెండు ప్లాస్టిక్‌లనూ మెత్తబరిచి ఒకటిగా కలుపుతుంది. బిగించేలోపే ఆరితే కలవడానికి ఏమీ మిగలదు.

కొత్త జాయింట్లు నా ముందే వేయించాను. పైపు అడ్డంగా సరిగ్గా కోసి, అంచు గరుకు తీసి, ఎల్బో లోతు కొలిచి పైపు మీద పెన్సిల్ గీత పెట్టారు. పైపుకు నిండుగా, ఎల్బో లోపల పల్చగా పూసి, వెంటనే గీత దాకా తోసి, పావు మలుపు తిప్పి అర నిమిషం పట్టుకున్నారు. వదిలేస్తే పైపు వెనక్కి జారుతుంది. జాయింటు చుట్టూ సొల్యూషన్ తెగకుండా గుండ్రంగా బయటికి వచ్చిందో లేదో చూడండి. ఒక పక్క రాకపోతే అనుమానించాల్సిందే. చన్నీళ్ల యూపీవీసీకి వాడే సొల్యూషన్ దీనికి వాడనివ్వకండి, డబ్బా మీద సీపీవీసీ అని చదివాకే మూత తీయించండి.

ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ పెడితే గంటన్నర పాటు 10 దగ్గరే ఉంది. గాడి పూడ్చేటప్పుడు కూడా లైనులో 4 కేజీల ప్రెషర్ అలాగే ఉంచాను, ఎవరి ఉలి తగిలినా ముల్లు పడిపోయి అప్పుడే తెలుస్తుంది. పైపులు ఎక్కడున్నాయో తర్వాత తెలిసేలా, పూడ్చకముందే గోడలన్నిటికీ కొలత టేపు పట్టి ఫొటోలు తీశాను.

కాంట్రాక్టర్ బిల్లులో "టెస్టింగ్ ఖర్చు" అని విడిగా రాశాడు. కొట్టేసి ఇచ్చాను. మీరు మాత్రం పని మొదలుపెట్టకముందే ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి: 10 కేజీల నీళ్ల టెస్ట్ చూపించాకే ప్లాస్టరింగ్, ఆ తర్వాతే ప్లంబింగ్ చివరి చెల్లింపు.