ఓపెన్ బుక్ పరీక్షకు వ్యాసంలో ఏది గీయాలి, ఏది వదలాలి: నా అనుభవం

నిన్న మధ్యాహ్నమే పరీక్ష రాసి వచ్చాను. చెయ్యి నొప్పి తగ్గింది కానీ కోపం ఇంకా తగ్గలేదు. నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాను, మాది అల్లూరు దగ్గర పల్లెటూరు. ఈసారి మా తెలుగు పేపర్‌లో ఇంటర్నల్ మార్కులకు ఓపెన్ బుక్ పరీక్ష పెట్టారు. వ్యాసం ముందే చేతికిచ్చారు, నాలుగు పేజీల జిరాక్స్. దాని మీద చేత్తో ఏమైనా రాసుకోవచ్చు, రాసుకున్న విడి కాగితాలు మాత్రం తేకూడదు. ప్రశ్నలు హాల్లోనే ఇస్తారు, గంటన్నర టైం.

వ్యాసం బకింగ్‌హాం కాలువ గురించి. మా వైపు వాళ్లకు ఆ కాలువ కొత్తేమీ కాదు. చిన్నప్పుడు ఇసకపల్లి సముద్రానికి పోతుంటే దాన్ని దాటే పోయేవాళ్లం. అందుకని కథ తెలిసినట్టే ఉంటుంది, చదవడం సులువు. అసలు ఇబ్బంది ఏది గుర్తు పెట్టుకోవాలన్న దగ్గరే వచ్చింది.

పరీక్షకు ముందు ఒకరోజు మా సార్ అందరి జిరాక్సులూ బెంచీల మీద పెట్టించి తిరిగి చూశారు. నాది చేతిలోకి తీసుకుని క్లాసుకంతా కనపడేట్టు పైకెత్తి, "ఏమ్మా, ఇది చదివినదా, అద్దెకు తెచ్చుకున్నదా? ఒక్క గీతన్నా లేదే" అన్నారు. వెనక బెంచీల్లో నవ్వారు. నా పక్కన కూర్చునే అమ్మాయి కాగితం మాత్రం పసుపు, ఆకుపచ్చ, గులాబీ రంగు హైలైటర్లతో నిండిపోయి ఉంది. దాన్ని చూపించి, "ఇట్లా ముఖ్యమైనదంతా గీసుకోవాలి" అన్నారు. అప్పటికి నేను వ్యాసాన్ని పెన్ను పట్టకుండా రెండోసారి చదువుతున్నాను. ఆ మాట చెబుదామంటే గొంతు పెగల్లేదు. నాలుగు పేజీల్లో మూడు పేజీలు రంగు పడితే రంగు లేని పేజీతో సమానమే కదా, హాల్లో మళ్లీ మొదటి నుంచి చదువుకోవాల్సిందే. పైగా పల్చటి జిరాక్స్ కాగితానికి హైలైటర్ రాస్తే రంగు వెనక పేజీలోకి దిగుతుంది. ఆ అమ్మాయి రెండో పేజీలో మూడు లైన్లు చదవడానికే రాలేదు. ఇదంతా సార్‌కి కనపడలేదా అని నాకు ఇప్పటికీ బాధ.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని పట్టుదలగా పని మొదలుపెట్టాను. ముందుగా నాకు నేను వేసుకున్న ప్రశ్న ఇది: పుస్తకం ఎదురుగా ఉన్నప్పుడు ప్రశ్న ఎట్లా ఉంటుంది? "కాలువకు ఆ పేరు ఎవరి వల్ల వచ్చింది" అని అడగరు, చూసి రాసేస్తారు కాబట్టి. "రచయిత వాదన ఏమిటి, దానికి ఆధారం చాలుతుందా, ఎదుటివాళ్ల మాటకు ఏం జవాబిచ్చాడు" అని అడుగుతారు. అందుకని సంవత్సరాలు, ఊళ్ల పేర్లు గీయడం మానేశాను. 1876-78 కరువులో కూలీలకు పని కల్పిస్తూ కాలువలో కొంత తవ్వించారనీ, ఆనాటి మద్రాసు గవర్నర్ బిరుదే దానికి పేరయిందనీ వ్యాసంలో ఉంది. అంకెలు అక్షరాల మధ్య వాటంతట అవే కంటికి తగులుతాయి, వెతకాల్సిన పని లేదు. కంటికి తగలనిది వాదన మలుపు తిరిగే చోటు. గీత పడాల్సింది అక్కడే.

పేరాలన్నిటికీ పెన్సిల్‌తో నంబర్లు వేశాను, 14 వచ్చాయి. ప్రతి పేరా పక్కన మార్జిన్లో ఆ పేరా ఏం చెబుతోందని కాకుండా ఏం పని చేస్తోందని నాలుగైదు మాటల్లో రాశాను. ఈ తేడా ముఖ్యం. రెండో పేరా పక్కన "ఉప్పు, కట్టెలు, బియ్యం పడవలు" అని రాస్తే అది విషయం. "కాలువ అవసరాన్ని నిలబెడుతోంది" అని రాస్తే అది పని. హాల్లో ప్రశ్న వచ్చినప్పుడు రెండోదే దారి చూపిస్తుంది, ఎందుకంటే ప్రశ్నలు కూడా అదే భాషలో ఉంటాయి.

నన్ను బాగా తిప్పలు పెట్టింది ఆరో పేరా. దాని మొదటి వాక్యం మూడు లైన్లు ఉంది. రైలు మార్గం వచ్చాక పడవల మీద సరుకు పంపేవాళ్లు తగ్గిపోయారని, పూడిక తీయించడానికి పెట్టే డబ్బు వృథా అని, కాలువ కాలం చెల్లిపోయిందని ఏకరువు పెట్టి, చివర్లో "అని అప్పటి అధికారులు భావించారు" అని ముగించాడు. నేను మొదటిసారి చదివినప్పుడు అదంతా రచయిత మాటే అనుకుంటూ పోయాను, వాక్యం చివరికి వచ్చాక గానీ ఎవరి మాటో తెలియలేదు. తెలుగు వచనంలో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. ఎవరన్నారో చివరన వస్తుంది, అప్పటికి సగం బుర్ర ఆ మాటను రచయితకు అంటగట్టేసి ఉంటుంది. పరీక్ష టెన్షన్‌లో చివరి దాకా చదవకుండా పై రెండు లైన్లు ఎత్తి రాస్తే, రచయిత ఖండించిన మాటను రచయిత నోట్లోనే పెట్టినట్టవుతుంది. మార్కులు పోయేది ఇట్లాంటి చోటే.

అందుకని ఆ వాక్యం మొత్తానికీ మొదట్లో ఒకటి, చివర ఒకటి చదరపు బ్రాకెట్ పెట్టి, మొదటి బ్రాకెట్ పక్కనే మార్జిన్లో "అధికారుల మాట" అని రాశాను. వాక్యం ఎక్కడ పూర్తయినా హెచ్చరిక మాత్రం మొదట్లోనే కనపడాలి. తర్వాతి వాక్యం "అయితే" అని మొదలవుతుంది. దాని కింద గీత గీయకుండా పక్కన ఒక బాణం వేశాను, ఇక్కడి నుంచి రచయిత మాట అని. ఆ పేరాలో ఇంకేమీ గుర్తు పెట్టలేదు. పేరాకు రెండు గుర్తులు దాటకూడదని నియమం పెట్టుకున్నాను. మూడోది పెట్టాలనిపిస్తే ముందున్న రెండింట్లో ఒకటి చెరపాలి. పెన్సిల్ వాడింది అందుకే.

తొమ్మిదో పేరాలో ఆధారం ఉంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు సముద్రపు నీరు కాలువలో నిండి, వెనక్కి తీసిందని, కాలువకు పడమర ఉన్న ఊళ్లకు అది అడ్డుగా పనికొచ్చిందని రచయిత రాశాడు. ఇక్కడ "ఆ" అని ఒక అక్షరం, ఆధారం అన్నమాట. పక్కనే "6కు జవాబు" అని రాశాను. ఆరో పేరా బాణం పక్కన "9 చూడు" అని రాశాను. రెండు చోట్లా రాయడం చాదస్తం అనిపించొచ్చు, కానీ హాల్లో ఏ పేరా ముందు కంటపడుతుందో మనకు తెలియదు.

ఆ పేరా చివర "కనుక తీరమంతటా ఈ కాలువే కవచం" అన్నాడు. నాకు అక్కడ మనసొప్పలేదు. పూడిపోయిన చోట, గట్లు తెగిన చోట కాలువలో నీళ్లు పట్టే చోటెక్కడుంది? బాగున్న చోట జరిగిన దాన్ని తీరమంతటికీ చెప్పేశాడు. మా నాయనకు ఫోన్ చేసి అడిగితే, "తవ్వించక ఎన్నేళ్లయిందో అమ్మా, మన దగ్గర కొన్ని చోట్ల నడిచి దాటొచ్చు" అన్నాడు. ఆ వాక్యం పక్కన ప్రశ్నార్థకం వేసి "పూడిన చోట?" అని రాశాను. మనకు ఒప్పుదల కాని చోట గుర్తు పెట్టుకోవడం చాలామందికి అలవాటు లేదు. ఆధారం చాలుతుందా అన్న ప్రశ్నకు జవాబు మాత్రం అక్కడే ఉంటుంది.

మిగతా పేరాలు తొందరగానే అయిపోయాయి. మొదటి మూడూ పొగడ్త, వాటికి మార్జిన్ మాట తప్ప ఏ గుర్తూ లేదు. మొదటి పేజీ పైన ఖాళీలో "వాదన 7, ఎదుటి మాట 6, ఆధారం 9 11, అనుమానం 9, ముగింపు 14" అని ఒక్క లైన్ రాసుకున్నాను.

సరిపోయిందో లేదో చూసుకోవడానికి వ్యాసం మీద స్కేలు పెట్టి, కాగితం మడిచి మార్జిన్ మాత్రమే కనపడేట్టు చేసి పై నుంచి కిందికి చదివాను. వాదన మొత్తం నోటికి చెప్పగలిగాను, ఒక్క పన్నెండో పేరా దగ్గర తెగింది. అక్కడ మార్జిన్లో విషయం రాశాను, పని రాయలేదు. దాన్ని చెరిపి మళ్లీ రాశాను. తర్వాత రూంమేట్‌ని "ఏదో ఒకటి అడుగు మే" అన్నాను. తను అడిగిన వాక్యం మీద అర నిమిషంలో వేలు పెట్టలేకపోతే గుర్తు సరిగా లేదని లెక్క.

హాల్లో ఇంకో అవమానం. ఏమీ రాయని రంగు చీటీలు పేజీ అంచుకు అంటించుకోవచ్చని రూల్స్ కాగితంలోనే ఉంది. మూడు అంటించాను. ఇన్విజిలేటర్ గారు వచ్చి, "ఇవేంటి, స్లిప్పులా?" అని అందరి ముందూ పీకి చెత్తబుట్టలో వేశారు. రూల్ చూపిస్తానన్నా వినలేదు. చీటీలు పోయినా పైనున్న ఆ ఒక్క లైన్‌తో నా పని ఆగలేదు. మీరు రాయబోతుంటే మాత్రం చీటీల మీద ఆధారపడవద్దు, రూల్స్ కాగితం కూడా జేబులో పెట్టుకుపోండి.

మొదటి పెద్ద ప్రశ్న, కాలువ కాలం చెల్లిందన్న మాటకు రచయిత ఇచ్చిన జవాబు ఏమిటి, ఆ జవాబు ఎంతవరకు నిలబడుతుంది అని. ఆరు, తొమ్మిది తీసి నేరుగా రాశాను. పూడిన చోట సంగతి చివరి భాగంలో పెట్టాను. పక్కనున్న అమ్మాయి పాపం పేజీలు తిప్పుతూనే ఉంది.

ఆఖరి ప్రశ్నకు మాత్రం ఈ గుర్తులేవీ అక్కరకు రాలేదు. తీరంలో రొయ్యల చెరువుల మీద ఒక కొత్త పేరా ఇచ్చి, వ్యాస రచయిత దీన్ని ఒప్పుకుంటాడా అని అడిగారు. ప్రశ్నపత్రం మీదే పెన్సిల్ పెట్టాను. "అని స్థానికులు అంటారు" దగ్గర బ్రాకెట్, "అయినా" దగ్గర బాణం. ఆ తర్వాత మా వ్యాసంలో పద్నాలుగో పేరా పక్కన నేను రాసుకున్న "లాభం కన్నా రక్షణ ముఖ్యం అంటున్నాడు" అన్న మాటతో దాన్ని పోల్చి ఒకటిన్నర పేజీ రాశాను. గంట కొట్టేసరికి చివరి వాక్యానికి చుక్క పెడుతున్నాను.