వచ్చే శుక్రవారం అంటే ఏ శుక్రవారం? నా అనుభవం

ఐదుగురం కలిసి చేసే పనికి ఒక మీటింగ్ టైమ్ ఫిక్స్ చేసే బాధ్యత నాకు వచ్చింది. మంగళవారం, 9వ తేదీన ఒకరు గ్రూప్‌లో "వచ్చే శుక్రవారం కూర్చుందాం" అన్నారు. అందరూ ఓకే అన్నారు. కాసేపటికి ఒకరు "ఇంకా మూడు రోజులేగా, లెక్కలు ఎప్పుడు పూర్తిచేయాలి?" అని టెన్షన్ పడ్డారు. ఇంకొకరేమో "పది రోజులుంది కదండీ" అన్నారు. మొదటివారి మనసులో ఉన్నది 12, రెండోవారి మనసులో ఉన్నది 19. రాబోయే మొదటి శుక్రవారాన్ని "వచ్చే" అనేవాళ్లూ ఉన్నారు, దాన్ని "ఈ శుక్రవారం" అని, ఆ పై వారానిదాన్ని "వచ్చే" అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి వాడుకా సరైనదే.

ఇలాంటప్పుడు "ఏ శుక్రవారం?" అని అడిగితే మళ్లీ "వచ్చేదే" అన్న జవాబే వస్తుంది. అందుకే "12 శుక్రవారమా, 19 శుక్రవారమా?" అని అడిగాను. వారం, తేదీ రెండూ కలిపి రాస్తే ఇంకో లాభం ఉంది. ఎవరైనా పొరపాటున "18 శుక్రవారం" అని రాస్తే, ఆ రెండూ పొసగక తప్పు వెంటనే దొరికిపోతుంది.

19 వైపే మొగ్గు కనిపించింది. అప్పుడు ఇలా పెట్టాను: "గురువారం 18 మధ్యాహ్నం 3 నుంచి 4, లేదా శుక్రవారం 19 ఉదయం 10:30 నుంచి 11:30. మీకు కుదిరేవన్నీ రేపు సాయంత్రం 5 గంటలకల్లా చెప్పండి." "ఏది ఇష్టం?" అని అడిగితే తలా ఒకటి చెబుతారు. "కుదిరేవన్నీ" అంటే అందరికీ కుదిరేది బయటపడుతుంది. ఒకరు ఉత్త "సరే" అన్నారు, ఇంకొకరు "చూస్తానండి" అన్నారు. మొదటిది దేనికి సరేనో తెలియదు, రెండోది అసలు ఒప్పుకోలే కాదు. "శుక్రవారం 19, 10:30కి వస్తాను" అని తిరిగి రాసినవాళ్లనే లెక్కలోకి తీసుకుని, మిగతావాళ్లను మళ్లీ అడిగాను.

లెక్కలు చూసే ఆయన "ఈ వారం చివరికల్లా పంపేస్తా" అన్నారు. శనివారం కూడా పనిచేసేవారికి వారం చివర అంటే శనివారం, కొందరికి ఆదివారం రాత్రి, నాకు శుక్రవారం సాయంత్రం. "శుక్రవారం లోపు" అన్నా చిక్కే, శుక్రవారం అందులో ఉందో లేదో తేలదు. "శుక్రవారం 12 సాయంత్రం 5 గంటలకల్లా నాకు అందుతుందాండీ?" అని అడిగితే, "సోమవారం 15 ఉదయం అయితే ఇవ్వగలను" అన్నారు. అసలు గడువు అప్పుడు తెలిసింది.

మీటింగ్ శుక్రవారం 19, ఉదయం 10:30కి అని అంతా కుదిరాక ఒకరు "ఒక రోజు ముందుకు జరుపుదామా?" అన్నారు. ఈ మాట అన్నిటికన్నా ప్రమాదం. ముందుకు అంటే కొందరికి గురువారం, కొందరికి శనివారం. ఆయన్ని అడిగి, గురువారమేనని తేల్చుకుని, అందరికీ కుదురుతుందో కనుక్కుని ఇలా రాశాను: "శుక్రవారం 19 మీటింగ్ రద్దు. దాని బదులు గురువారం 18, మధ్యాహ్నం 3 గంటలకు." పాత తేదీ రాయకపోతే ఇది రెండో మీటింగ్ అనుకునే వీలుంది. ఈసారి నలుగురూ తేదీ, టైమ్ తిరిగి రాసి ఒప్పుకున్నారు.