పెరుగుతున్న షేరులో రైజింగ్ వెడ్జ్: 504 దగ్గర నేనూ, మా బావగారూ

మా భీమవరం వైపు రొయ్యల పట్టుబడి డబ్బులు చేతికి రాగానే కొంత షేర్లలోకి వెళ్లడం ఇప్పుడు మామూలే. నేనూ మా బావగారూ ఒకే మిడ్‌క్యాప్ షేరు కొన్నాం. నా సగటు ధర 380, ఆయనది ఇంకాస్త ఎక్కువ. పేరు చెప్పను, ఇక్కడ కంపెనీతో పని లేదు. చూడాల్సింది ఆ షేరు 440 నుంచి 536 దాకా ఎలా ఎక్కిందీ, ఎక్కుతూనే ఎలా బలహీనపడిందీ అన్నది.

అప్పటికే అది చాలా నెలలుగా పెరుగుతున్న షేరు. 440 దగ్గర ఒకసారి ఆగి, 500కి వెళ్లింది. అక్కడి నుంచి 472కి దిగి మళ్లీ 520. తర్వాత 504కి దిగి 536. మామూలుగా చూస్తే ఇంతకన్నా మంచి చార్ట్ ఏముంటుంది? ప్రతి శిఖరం ముందుదానికన్నా ఎత్తులో ఉంది, ప్రతి పల్లమూ ముందుదానికన్నా పైనే ఉంది. అప్‌ట్రెండ్ అంటే ఇదే కదా.

నాకు అనుమానం వచ్చింది ఎక్కిన దూరాలు కాగితం మీద వేసుకున్నప్పుడు. మొదటిసారి 60 రూపాయలు ఎక్కింది, రెండోసారి 48, మూడోసారి 32. పైగా ప్రతిసారీ వాల్యూమ్, అంటే చేతులు మారిన షేర్ల సంఖ్య, ముందుసారికన్నా తక్కువ. చెరువులో మేత వేస్తూనే ఉన్నా రొయ్య సైజు పెరగకపోతే రైతు వెంటనే వల వేసి చూస్తాడు. నేనూ అలాగే చార్ట్ తెరిచి రెండు గీతలు గీశాను. పల్లాలు మూడింటినీ కలిపిన కింది గీత వారానికి దాదాపు 8 రూపాయల చొప్పున పైకి వెళ్తోంది. మొదటి రెండు శిఖరాలను కలిపిన పై గీత మాత్రం వారానికి 5 చొప్పునే. రెండూ పైకే, కానీ కిందిది ఎక్కువ నిటారుగా ఉంది కాబట్టి ముందుకెళ్లేకొద్దీ దగ్గరవుతున్నాయి. దీన్నే రైజింగ్ వెడ్జ్ అంటారు. గీతలు సమాంతరంగా ఉంటే అది మామూలు చానెల్, పై గీత పడుకుని ఉంటే అసెండింగ్ ట్రయాంగిల్. ఆ రెండింటినీ చూసి ఇంత కంగారు పడక్కర్లేదు.

ఇంకో చిన్న సంగతి కూడా కనబడింది. మూడో శిఖరం పై గీతను తాకలేదు. గీత 540 దగ్గర ఉంటే షేరు 536లోనే వెనక్కి తిరిగింది. కొనేవాళ్ల ఊపిరి అక్కడిదాకా కూడా సరిపోలేదన్నమాట.

బావగారికి ఫోన్‌లో చూపించాను. "దిగినప్పుడల్లా తక్కువే దిగుతోందిగా! మొదట 28, తర్వాత 16. అంటే బలం పెరిగినట్టే కదరా. నీకు భయమెక్కువ" అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడం కష్టం. ధర పెరుగుతుందని నమ్మే బుల్స్ మోసపోయేది సరిగ్గా ఇక్కడే. దిగిన ప్రతిసారీ కొన్నవాడికి లాభం వచ్చింది, అదీ ప్రతిసారీ ఇంకా త్వరగా. దాంతో ఇంకా కిందికొస్తే కొందామని ఆగేవాళ్లు కూడా ఆగడం మానేసి ముందే కొనేశారు. పడుతుందని షార్ట్ చేసినవాళ్లు, అంటే ముందే అమ్మేసి తగ్గాక కొందామనుకున్నవాళ్లు, నష్టపోయి ఎప్పుడో బయటికి పోయారు. మామూలుగా షేరు పడుతున్నప్పుడు షార్ట్ చేసినవాళ్లు లాభం తీసుకోడానికి తిరిగి కొంటారు, ఆ కొనుగోళ్లు కాస్త ఆసరా ఇస్తాయి. ఇక్కడ ఆ ఆసరా కూడా లేదు.

స్టాప్‌లాస్‌ల సంగతి ఇంకా ముఖ్యం. ఫలానా ధరకి దిగితే అమ్మేయమని ముందే పెట్టుకునే ఆర్డరే స్టాప్‌లాస్. జాగ్రత్త ఉన్నవాళ్లంతా ధర పెరిగేకొద్దీ స్టాప్‌లాస్ పైకి జరుపుకుంటూ వస్తారు. వెడ్జ్ ఇరుకు అయ్యేకొద్దీ అవన్నీ కింది గీతకూ, చివరి పల్లానికీ కాస్త దిగువన గుంపుగా చేరతాయి. ఆ స్థాయి తెగితే అన్నీ ఒక్కసారే అమ్మకాలుగా మారతాయి. షేరు రెండుసార్లు ఒకే ఎత్తులో ఆగిపోయే డబుల్ టాప్‌లో అయితే రెండో శిఖరం దగ్గరే ముందుగా ఒక హెచ్చరిక దొరుకుతుంది. వెడ్జ్‌లో అంత స్పష్టమైనదేమీ ఉండదు, ముందురోజు దాకా చార్ట్ పైకే చూస్తుంటుంది.

అయినా వెంటనే అమ్మేయలేదు. వెడ్జ్ పైకి బద్దలై పరుగెత్తిన షేర్లూ చూశాను, మార్కెట్ మొత్తం ఊపు మీదున్నప్పుడు అది తరచుగానే జరుగుతుంది. గీత అంటే గోడ కాదు, పగలు కాసేపు కిందికి దిగి సాయంత్రానికి మళ్లీ పైకొచ్చే రోజులుంటాయి. అందుకని రెండు షరతులు పెట్టుకున్నాను. కింది గీత దిగువన ముగింపు ధర వస్తే మర్నాడు సగం అమ్మాలి. 504 తెగితే మిగతా సగం.

గీతలు కలిసే చోటికి మూడింట రెండొంతుల దూరం వచ్చాక తెగింది. ఇలాంటివి చాలావరకు ఆ ప్రాంతంలోనే తెగుతాయి, చివరి మొన దాకా ఆగవు. గీత 528 దగ్గర ఉండగా శుక్రవారం ముగింపు 519. వాల్యూమ్ మామూలుకి దాదాపు రెట్టింపు. సోమవారం ఉదయం 517లో సగం అమ్మేశాను. బావగారు మాత్రం "మళ్లీ డిప్ వచ్చింది" అని అదే ధరకి ఇంకొన్ని కొన్నారు. నా మాట వల్లనో ఏమో, 504 దగ్గర స్టాప్‌లాస్ మాత్రం పెట్టుకున్నారు.

తర్వాత 504 దగ్గర జరిగింది బాగా చెప్పాలి. నేను SL-M ఆర్డర్ పెట్టాను, అంటే 504 తాకగానే మార్కెట్ ధరకి అమ్ముడవుతుంది. ఈ ఆర్డర్ ఆ రోజుకే పనిచేస్తుంది కాబట్టి ప్రతి ఉదయం 9:15 దాటాక మళ్లీ పెట్టేవాణ్ని. బావగారిది SL, ట్రిగ్గర్ 504, అమ్మే ధర 503, అంటే 504 తాకగానే ఆర్డర్ వెళ్తుంది కానీ 503కి తక్కువైతే అమ్మదు. రూపాయి తేడా చాలనుకున్నారు. మధ్యాహ్నం ముందు 504 తెగింది, రెండు మూడు నిమిషాల్లోనే 497. నావి 501కి పోయాయి. ఆయన ఆర్డర్ ట్రిగ్గర్ అయింది కానీ 503 ఇచ్చే కొనుగోలుదారే లేడు, పెండింగ్‌లో కూర్చుంది. సాయంత్రానికి షేరు 486. స్టాప్‌లాస్ ఉంది కదా అనుకుని ఆయన రొయ్యల చెరువు మీద ఉన్నారు, ఫోన్ చూసుకున్నది చీకటి పడ్డాకే. ఆ టెన్షన్ ఆయనకి చాలా రోజులు పోలేదు.

ఇంత వేగం ఎందుకంటే ఆ స్థాయి దిగువన కొనే ఆర్డర్లు పలచగా ఉన్నాయి. ఆ స్థాయిలను షేరు తక్కువ వాల్యూమ్‌తోనే ఎక్కి వచ్చింది, అక్కడ కొని నిలబెట్టుకోవాలనే పట్టుదల ఉన్నవాళ్లు తక్కువ.

రెండో అవకాశం ఒకటి వచ్చింది. పడిన షేరు చాలాసార్లు తెగిన స్థాయి దాకా కింది నుంచి తిరిగి వస్తుంది. ఇదీ 503 దాకా వచ్చింది, వాల్యూమ్ మాత్రం నీరసంగానే ఉంది. ఒకప్పుడు సపోర్ట్‌గా ఉన్న 504 ఇప్పుడు పైకప్పు అయింది. "అసలు ధర వస్తే అమ్మేద్దాం" అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు కదా, వాళ్లంతా అక్కడే కాసుకుని ఉన్నారు. బావగారికి ఫోన్ చేస్తే, "నువ్వు చెప్పావు కాబట్టి సగం అమ్ముతున్నా" అన్నారు. 500కి అమ్మారు, మిగతావి ఉంచుకున్నారు.

వెడ్జ్ మొదలైన చోటు, అంటే 440, అందరూ చెప్పే లక్ష్యం. షేరు అక్కడిదాకా పోలేదు, 447 దగ్గర నిలబడింది. 440కే కొంటానని కూర్చున్నవాళ్లకి దొరకలేదు. ఇప్పుడది 450, 480 మధ్య అటూ ఇటూ తిరుగుతోంది. నేను మళ్లీ కొనలేదు. మంచి వాల్యూమ్‌తో 504 పైన ముగింపు వస్తే చూద్దామని అక్కడ ఒక అలర్ట్ మాత్రం పెట్టుకున్నాను. బావగారు మిగిలినవాటికి స్టాప్‌లాస్ 440 దిగువన పెట్టారు, ఈసారి SL-M.